పోస్టర్‌లో పాట ఎక్కడుంది?

మొన్న రాత్రి పదకొండింటికి ముప్పాళ్ళ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో పోస్టర్ పంపాడు. "అన్నా, ఒక్కసారి చూసి ఓకే అంటే రేపు పొద్దున గ్రూపుల్లో వేసేస్తాం" అన్నాడు. ఊళ్ళో రామాలయం కల్యాణ మండపంలో కర్ణాటక సంగీత కచేరీ. నేను బొమ్మ తెరవకుండానే, చాట్‌లో ఎంత కనిపిస్తోందో అంతే చూశాను. పైన దేవుడు, దాని కింద ఏడుగురు దాతల ఫోటోలు, పక్కన చేతులు జోడించిన ఒక పెద్దాయన. కచేరీ ఎవరిదో, ఎప్పుడో కనపడలేదు. తెరిచి జూమ్ చేస్తే అడుగున ఎర్ర పట్టీలో గాయని పేరు దొరికింది. తేదీ ఉండాల్సిన చోట "ఈ శనివారం సాయంత్రం" అని ఉంది.

"తమ్ముడూ, పోయినేడు ఏమైందో మర్చిపోయావా?" అన్నాను. అటువైపు సౌండ్ లేదు.

పోయినేడూ అదే మాట వేశారు. కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఆ పోస్టర్ మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. నాలుగు రోజుల తర్వాత అది నరసరావుపేటలో ఒక రిటైర్డ్ మేష్టారికి చేరింది. ఆయన మనవరాలు అప్పుడే వయొలిన్ మొదలుపెట్టింది. ఆ పిల్లని తీసుకుని తర్వాతి శనివారం బస్సెక్కి ముప్పాళ్ళ వచ్చారు. గుడి దగ్గర లైట్లు లేవు, మండపానికి తాళం. పూజారి గారే కాఫీ ఇప్పించి పంపారు. తప్పు మేష్టారిది కాదు. ఫార్వర్డ్ అయ్యే పోస్టర్‌కి "ఈ", "వచ్చే", "రేపు" అనే మాటలు పనికిరావు. గోడ మీది పోస్టర్ ఉన్నచోటే ఉండి చిరిగిపోతుంది, ఫోన్లోది తేదీ దాటినా బతికే ఉంటుంది. అందుకే ఫిబ్రవరి 7, శనివారం అని నెల పేరు, వారం రెండూ రాయాలి. 7-2 అని అంకెల్లో వేస్తే అమెరికాలో ఉన్న కొడుకు దాన్ని జూలై 2 అని చదువుకుంటాడు. వారం పక్కనే ఉంటే ఇంకో లాభం, తేదీ టైపింగులో తప్పు పడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

సరే, ఆ రాత్రే కూర్చుని వరస మార్చాం. ముందు తమ్ముణ్ణి ఒకటే అడిగాను, "ఇది చూసినవాడు వచ్చేదీ రానిదీ ఏం చూసి తేల్చుకుంటాడు?" కచేరీ ఏమిటి, ఎవరు పాడుతున్నారు అన్నది మొదటిది. ఆ రోజు ఖాళీయా కాదా అన్నది రెండోది. ఎంత దూరం, డబ్బులెంత అన్నవి ఆ తర్వాతే వస్తాయి. దాతలెవరో చూసి బస్సెక్కేవాడు లేడు. ఈ మాట పెద్దాయనతో ఎలా చెప్పాలా అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

1080 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మలో గాయని పేరు 120 సైజులో పెట్టాం. పైన చిన్నగా "కర్ణాటక గాత్ర కచేరీ" అని ఒక లైన్. బిరుదులు నాలుగున్నాయి, అన్నీ పేరు ముందు పెడితే పేరు రెండో లైన్లోకి జారిపోతోంది. ఒకటి ఉంచి మిగతావి తీసేశాం. తేదీ, టైమ్ 80 సైజులో. ఎక్కడా 40కి తగ్గలేదు, ఎందుకంటే ఆ వెడల్పు మామూలు ఫోన్ మీద ఆరేడు సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది, 40 సైజు అక్షరం రెండున్నర మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అంతకంటే తగ్గితే మా అమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేస్తుంది.

పక్కవాద్యాల దగ్గర మాత్రం మన ఇష్టం నడవదు. గాత్రం తర్వాత వయొలిన్, ఆ తర్వాత మృదంగం, తర్వాతే ఘటమో కంజీరానో మోర్సింగో. ఇది సభల్లో స్థిరపడిన వరస. మొదటి పోస్టర్‌లో ఘటం కళాకారుడు మన జిల్లా వాడని ఆయన్ని వయొలిన్ కంటే పైన వేశారు. అభిమానం మంచిదే, కానీ తెలిసినవాళ్ళు చూస్తే వయొలిన్ విద్వాంసుడికి చిన్నతనం. ముగ్గురి పేర్లూ ఒకే సైజులో, గాయని పేరులో సగంగా పెట్టి, ప్రతి పేరు పక్కన వాద్యం రాశాం. "వాద్య సహకారం" అని ఒకే మాట వేసి మూడు పేర్లు కలిపేస్తే ఎవరేం వాయిస్తారో కొత్త శ్రోతకి ఎలా తెలుస్తుంది?

వేదిక దగ్గర ఇంకో చిక్కు. "ముప్పాళ్ళ" అని ఒక్క మాటే ఉంది. ఎన్టీఆర్ జిల్లా చందర్లపాడు మండలంలో కూడా ముప్పాళ్ళ ఉంది. పైగా పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో, చాలామంది పెద్దలకి మన ఊరు ఇంకా గుంటూరు జిల్లాయే. అందుకని "రామాలయం కల్యాణ మండపం, ముప్పాళ్ళ, సత్తెనపల్లి దగ్గర, పల్నాడు జిల్లా" అని పూర్తిగా రాశాం. మ్యాప్ లింక్ బొమ్మలో పెడితే నొక్కలేం కదా. దాన్నీ, ఫోన్ నంబరునీ బొమ్మ కింద మెసేజ్‌గా పంపాలి. పాస్‌ల క్యూఆర్ కోడ్ కూడా అంతే, అదే ఫోన్లో ఉన్న కోడ్‌ని అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయడం కుదరదు.

టికెట్ లైన్ చివర్న ఉన్నా తికమక ఉండకూడదు. వాళ్ళు "డోనర్ పాస్ 200" అని మాత్రమే వేశారు. అసలు సంగతేంటంటే ప్రవేశం అందరికీ ఉచితం, ముందు రెండు వరసలకే పాస్. ఆ ఒక్క లైన్ చూసి ఎంతమంది ఆగిపోయేవాళ్ళో! "ప్రవేశం ఉచితం" ముందు, పాస్ సంగతి తర్వాత.

ఇదంతా సరే, అక్షరాలే దెబ్బకొట్టాయి. డీటీపీ షాపులో అను ఫాంట్స్ వాడతారు. వాట్సాప్‌లో మనం టైప్ చేసేది యూనికోడ్. దాన్ని నేరుగా అందులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, అందుకే మళ్ళీ టైప్ చేస్తారు. అక్కడే గాయని పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయింది. ఫైనల్ బొమ్మలోని ప్రతి పేరునీ కళాకారులు పంపిన మెసేజ్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాల్సిందే. ఇంకోటి, ఇంగ్లిష్ అలవాటుతో లైన్లు దగ్గరగా పేరిస్తే తెలుగు ఊపిరాడక చస్తుంది. మన ఊరి పేరులోనే రెండు ఒత్తులు కిందికి వేలాడతాయి. అవి కింది లైన్ గుడుల్లోకి, తలకట్లలోకి దూరాయి. లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు చేస్తే గానీ కుదురుకోలేదు.

డిజైన్ చదివేవాళ్ళు జ్యూరిక్ టోన్‌హాల్ కచేరీలకి యోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ చేసిన పోస్టర్లు చూసే ఉంటారు. 1955 నాటి బేతోవెన్ పోస్టర్‌లో ఎవరి ఫోటో లేదు, నలుపు తెలుపు వంపు పట్టీలు, ఒక చోట చిన్న అక్షరాల్లో వివరాలు, అంతే. తమ్ముడికి పంపితే "మనకి కూడా ఇలా చేద్దామా అన్నా" అన్నాడు. వద్దన్నాను. ఆ హాలు ఎక్కడుందో ఆ ఊరికి ముందే తెలుసు. మన మండపం సంగతి నరసరావుపేట వాళ్ళకి మనమే చెప్పాలి. ఫోటోల గుంపు లేకపోయినా పోస్టర్ నిలబడుతుందన్న ధైర్యం వరకు తీసుకుంటే చాలు.

తెల్లారి కొత్త పోస్టర్‌ని తమ్ముడు వాళ్ళ నాయనమ్మకి, బొమ్మ తెరవకుండా చాట్‌లోనే చూపించి, మూడు సెకన్లలో ఫోన్ లాగేసుకున్నాడు. ఆవిడ పాడే ఆవిడ పేరు, ఏడో తారీఖు చెప్పింది. ఊరు అడిగితే "మన ఊరే కదరా" అంది. ఇది పరీక్షలో లెక్కకి రాదు.

దాతల పేర్లు అడుగున రెండు లైన్లలో సర్దాం, ఫోటోలు లేకుండా. పెద్దాయన ఒప్పుకున్నారు. కాకపోతే రోడ్డు మీద కట్టే ఫ్లెక్స్‌లో తన ఫోటో ఉండాలన్నారు. మేష్టారి నంబరు పూజారి గారి దగ్గర దొరికింది, పోస్టర్ ఆయనకే మొదట వెళ్ళింది.