గడువు దాటితే జవాబు బ్యాంకుదే

జనవరి సెమిస్టర్ ఫీజు కోసం డిసెంబరులో, ఆగస్టు ఫీజు కోసం జులైలో అబిడ్స్ బ్యాంకు శాఖలకు తల్లిదండ్రులు ఒకే రకం అర్జీ పట్టుకొస్తారు. మంజూరైన విద్యారుణంలో తర్వాతి విడతను ఫలానా తేదీలోగా నేరుగా యూనివర్సిటీ ఖాతాకు పంపండి అని దాని సారాంశం. ‘పెట్టి వెళ్లండి, చూస్తాం’ అన్న మాటతో వారిని సాగనంపే అలవాటు ఏ శాఖలో ఉన్నా అది తప్పే. 1942లో గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తొలి శాఖ తెరిచిన నాటి నుంచీ బ్యాంకింగ్‌కు అలవాటుపడిన పేట ఇది. ఇక్కడ ఈ పనికి ఓ పద్ధతి లేకపోవడం మరీ విడ్డూరం.

ఈ అర్జీ కొత్తగా అడిగేదేమీ లేదు. బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకమే ఫీజును అవసరాన్ని బట్టి విడతలుగా, వీలైనంత వరకు నేరుగా విద్యాసంస్థకే చెల్లించాలంటోంది. వడ్డీ విడుదలైన మొత్తం మీదే పడుతుంది కనుక విద్యార్థి కూడా డబ్బు ముందే కావాలనడు, సరైన వేళకు కావాలంటాడు. రుణం మంజూరు చేసిన నాడే బ్యాంకు ఒప్పుకున్న బాధ్యత ఇది. మళ్లీ దయ చూపాల్సిన పనేమీ లేదు.

ఫైలు ఎక్కడ ఆగుతుందో చూద్దాం. అమెరికాలో ఒక సెమిస్టర్‌కు 9,000 డాలర్ల ఫీజు అనుకోండి. డాలరు 85 రూపాయలున్నప్పుడు అది 7,65,000 రూపాయలు. విదేశీ చదువుకు రుణగ్రహీత పెట్టుకోవాల్సిన మార్జిన్ 15 శాతమైతే తండ్రి 1,14,750 కట్టాలి, మిగతాది బ్యాంకు ఇస్తుంది. అర్జీ రెండు వారాలు బల్ల మీద ఉండగా డాలరు 88కి చేరితే ఫీజు 7,92,000 అవుతుంది, మార్జిన్ 1,18,800 అవుతుంది. తండ్రి ఖాతాలో 4,050 రూపాయలు తక్కువ. ఆ చిన్న తేడాతో మొత్తం చెల్లింపు ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఆయనకు ఎవరూ చెప్పరు. ఆలస్యం బ్యాంకుది, లోటు మాత్రం ఆయన ఖాతాలో!

అది సర్దుకున్నాక మరో అడ్డు. విదేశీ మారకం పని అన్ని శాఖల్లోనూ ఉండదు. ఫైలు ఇంకో శాఖకు వెళ్తుంది, అక్కడ ఎ2 ఫారంలో సంతకం లేదని తిరిగొస్తుంది. చివరకు స్విఫ్ట్ ద్వారా డబ్బు కదిలినా, దారిలోని బ్యాంకు తన రుసుము కోసుకుంటే యూనివర్సిటీకి కొన్ని డాలర్లు తక్కువ చేరతాయి. విద్యార్థి ఐడీ రాయకపోతే ఆ డబ్బు ఎవరిదో అక్కడివారికి తెలియదు. ఫీజు కట్టినా బాకీదారుగానే మిగిలిన విద్యార్థి తర్వాతి తరగతులకు పేరు నమోదు చేసుకోలేడు.

అందుకే అర్జీ రాసేవారికీ ఓ మాట చెప్పాలి. పేదరికం గురించి, పిల్లాడి భవిష్యత్తు గురించి పేజీ నిండా రాసి, అసలు తేదీని చివరి వాక్యంలో ఇరికించే అర్జీలు పనికిరావు. రుణ ఖాతా సంఖ్య, ఇన్వాయిస్ మొత్తం, చివరి తేదీ, యూనివర్సిటీ బ్యాంకు వివరాలు, విద్యార్థి ఐడీ మొదటి పేరాలోనే ఉండాలి. దారి రుసుములన్నీ పంపేవారే భరిస్తారని రాయాలి. గత సెమిస్టర్ మార్కుల పత్రం జతచేయాలి. ప్రధాన రుణగ్రహీత విద్యార్థే కాబట్టి తండ్రి సంతకం ఒక్కటే చాలకపోవచ్చు. విద్యార్థి తన రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి అదే అర్జీ పంపాలి. మార్జిన్ ఖాతాలో నాలుగైదు శాతం అదనంగా ఉంచాలి.

అర్జీ గడువుకు కనీసం ఐదు వారాల ముందే ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలంటే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి, అది తిరస్కరించాలి లేదా 30 రోజులు జవాబు లేకుండా గడవాలి. పది రోజుల్లో ముగిసే గడువుకు ఈ దారి అక్కరకు రాదు. నాంపల్లి ఎం.జె. రోడ్డులోని చంద్రవిహార్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది కానీ, అక్కడ పరిహారం దొరికే నాటికి సెమిస్టర్ ఎప్పుడో అయిపోతుంది. గడువులోగా చెల్లింపు జరగాలంటే ఆధారం హైకోర్టే. 2023లో కేరళ హైకోర్టు ఓ విద్యార్థి విషయంలో 4 లక్షల పైచిలుకు మొత్తాన్ని కళాశాలకే చెల్లించాలని బ్యాంకును ఆదేశించింది. ప్రతి సెమిస్టర్‌కూ రిట్ వేయమని ఏ తండ్రికి చెప్పగలం?

కాబట్టి శాఖలు చేయాల్సింది ఇది. అర్జీ అందిన రోజే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేసివ్వాలి. లోపాలన్నీ మూడు పనిదినాల్లో ఒకేసారి రాతపూర్వకంగా చెప్పాలి, ఒకటి తీర్చాక మరొకటి బయటపెట్టకూడదు. లోపమేమీ లేని అర్జీ పెండింగ్‌లో ఉండగా గడువు దాటితే, యూనివర్సిటీ వేసే ఆలస్య రుసుమును రుణ ఖాతాకు కాదు, బ్యాంకు ఖర్చుకే రాయాలి.