హెల్మెట్ కింద మొటిమలు

తెల్లవారుజామున జిమ్‌కి, అటునుంచి అటే బైక్ మీద ఆఫీసుకి వెళ్లే పిల్లల నుదుటి మీద, దవడల మీద మొటిమలు లేచాయంటే ఇంట్లో నింద చెమట మీదికే పోతుంది. ‘ఆ జిమ్ మానేస్తే మొహం బాగుపడుతుంది’ అంటారు. మానే ముందు ఒక పని చేసి చూడాలి. అద్దం ముందు హెల్మెట్ పెట్టుకుని, లోపలి స్పాంజీ ఎక్కడెక్కడ ఆనుతోందో, గడ్డం కింద పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో గమనించి తీసేయండి. మొటిమలు సరిగ్గా ఆ చోట్లలోనే గుంపు కట్టి, ముక్కు మీద, నోటి చుట్టూ పెద్దగా లేకపోతే, వాటిని రేపుతున్నది హెల్మెట్ ఒత్తిడి, రాపిడి.

చర్మవైద్యులు దీన్ని యాక్నే మెకానికా అంటారు. 1975లో అమెరికాలో మిల్స్, క్లిగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పేరుతో దీన్ని వర్ణించారు. వెంట్రుక కుదురు నోటి దగ్గర మృతకణాల పొర ఒకటి ఉంటుంది. చెమట తడికి అది నాని ఉబ్బుతుంది, దారి ఇరుకవుతుంది. పైనుంచి బిగుతైన స్పాంజీ నొక్కుతూ, బండి కుదుపులకి ఒరుసుకుంటూ ఉంటే లోపలి నూనె బయటికి రాలేక నిలిచిపోతుంది. కుదురు గోడ చిట్లిందంటే ఎర్రటి, నొప్పి పెట్టే మొటిమ తేలుతుంది. ట్రెడ్‌మిల్ మీద కారి గాలికి ఆరిపోయే చెమటతో ఇంత హాని ఉండదు. అదే చెమట వేడిలో, గాలాడకుండా, ఒత్తిడి కింద చిక్కుకుంటేనే చిక్కు.

మా మేనల్లుడి సంగతే చెబుతాను. కూకట్‌పల్లిలో ఉంటాడు, ఉద్యోగం గచ్చిబౌలిలో. రాత్రి తలకి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాడు. పొద్దున 5 గంటలకి సన్‌స్క్రీన్ పూసుకుని జిమ్‌కి పోయి, 7 గంటలకి తడి తల మీదే హెల్మెట్ బిగించుకుని ట్రాఫిక్‌లో పడేవాడు. అతను శ్రద్ధగా చేస్తున్న ప్రతి పనీ నుదుటి మీదికే చేరుతోంది. తలనూనె చెమటతో కలిసి నుదుటికి జారుతోంది. చెమట లేకపోయినా, నూనె ఒక్కటే చాలు జుట్టు అంచున మొటిమలు తేవడానికి. సూర్యుడు రాకముందు, గోడల మధ్య చేసే వ్యాయామానికి సన్‌స్క్రీన్ అక్కర్లేదు. అది చెమటతో కరిగి కళ్లలోకి, మిగిలింది స్పాంజీలోకి పోతోంది. ఎండలోకి వచ్చేసరికి మొహం మీద రక్షణ ఏమీ మిగలడం లేదు.

మేం మార్చింది ఎక్కువగా ఆ పనుల వరస. తలంటుకునే రోజుకి ముందు తప్ప నూనె మానేశాడు. జిమ్‌కి మొహం మీద ఏమీ పూసుకోకుండా వెళ్తాడు. బెంచీ మీద పరుచుకునే తువ్వాలు వేరు, మొహానికి చిన్న నూలు తువ్వాలు వేరు. దాంతో అద్దుకోవాలి, రుద్దకూడదు. వ్యాయామం అయ్యాక వెంటనే నీళ్లు కొట్టుకుంటే, కడిగిన మొహం మీద మళ్లీ చెమట పుడుతూనే ఉంటుంది. అందుకే ఒంటి వేడి తగ్గి చెమట ఆగేదాకా ఫ్యాన్ కింద కూర్చుంటాడు. తర్వాత మామూలు నీళ్లు, ఘాటు లేని ఫేస్‌వాష్. వేళ్లతో అర నిమిషం చాలు. జుట్టు అంచు, చెవుల ముందు భాగం, గడ్డం కింద చాలామంది వదిలేస్తారు, మొటిమలు లేచేవి సరిగ్గా అక్కడే. ఒంటి సబ్బు క్షారం కాబట్టి మొహాన్ని పొడిబారుస్తుంది. గరుకు స్క్రబ్ అయితే అసలే వద్దు. రాపిడితో వచ్చిన రోగానికి మరింత రాపిడి మందు కాదు. నీళ్లు దొరకని చోట తడిపి పిండిన శుభ్రమైన జేబురుమాలు మేలు. సువాసన వేసిన వైప్స్ మొహం మీద మిగిల్చే రసాయనాలు హెల్మెట్ కింద మంట పుట్టిస్తాయి.

సన్‌స్క్రీన్ ఇప్పుడు, మొహం ఆరాక. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు తీస్తే మొహానికీ మెడకీ సరిపోతుంది. అంతకంటే తక్కువ పూస్తే డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ మనకి దక్కదు. జిడ్డు చర్మానికి జెల్ రకం, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, నీటిని తట్టుకునేది ఎంచుకోవాలి. రాసుకున్నాక పావుగంట ఆరనిచ్చి హెల్మెట్ పెట్టుకుంటే స్పాంజీకి అంటుకోవడం తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడు? ఎండలో తిరిగేవాళ్లకి ప్రతి 2 గంటలకీ, చెమట తుడుచుకున్న ప్రతిసారీ. రోజంతా ఆఫీసులో కిటికీకి దూరంగా కూర్చునేవాళ్లు మధ్యాహ్నం బయటికి వెళ్లేముందు, సాయంత్రం ఎండ ఉండగా బండి తీసేముందు పూసుకుంటే చాలు. ప్రతిసారీ మొహం కడగక్కర్లేదు, చెమట అద్దుకుని పైన రాసుకోవచ్చు. తడి మీద రాస్తే మాత్రం నిలవదు. మొటిమ పోయాక మన చామనఛాయ చర్మం మీద నెలల తరబడి నల్లమచ్చ మిగులుతుంది, ఎండ దాన్ని ఇంకా ముదురు చేస్తుంది. సన్‌స్క్రీన్‌ని ఇంత పట్టుబట్టి చెప్పడం అందుకే. మచ్చలు ఎక్కువున్నవాళ్లకి ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్ మరింత పనికొస్తుంది.

ఇక హెల్మెట్. వదులుగా పెట్టుకోవడం, పట్టీ బిగించకపోవడం పరిష్కారం కాదు, ప్రాణానికే ముప్పు. లోపలి గుడ్డ ఊడివచ్చే రకమైతే వారానికోసారి తేలిక సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఊడిరానిదైతే తడిగుడ్డతో తుడిచి నీడలో గాలికి ఆరబెట్టాలి. పెట్రోలు, థిన్నర్ తాకిస్తే పైడొప్ప, లోపలి థర్మాకోల్ రెండూ పాడవుతాయి. చెమట తడితో ఉన్న హెల్మెట్‌ని డిక్కీలో పెట్టి మూసేయడం నేను రోజూ చూసే తప్పు. లోపల పల్చటి నూలు టోపీ పెట్టుకుంటే చెమటని అది పీల్చుకుంటుంది, రోజుకొకటి మార్చాలి. మొహానికి చున్నీ చుట్టుకుని బండి నడిపే అమ్మాయిలకీ ఇదే వర్తిస్తుంది. నైలాను, పాలియెస్టర్ చున్నీ బదులు నూలుది, నిన్నటిది కాకుండా ఉతికినది. మాస్కు చెమటకి తడిస్తే, ఇంకా పొద్దు ఉన్నా మార్చేయాలి.

రాత్రిపూట 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పల్చగా రాసుకోవచ్చు. ఎక్కువ శాతం ఉన్నదానితో మంట పెరుగుతుందే తప్ప పని అంతగా పెరగదు. ఈ జెల్ రంగు దిండు గలీబుల్ని, తువ్వాళ్లని వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి తెల్లవి వాడాలి. తేడా కనపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. మా మేనల్లుడికి కొత్తవి రావడం ముందు తగ్గింది, మచ్చలు చాలా నెమ్మదిగా పల్చబడ్డాయి.

అన్ని పొక్కులూ మొటిమలు కావు. జుట్టు అంచున అన్నీ ఒకే సైజులో, బాగా దురద పెడుతూ, నల్లమొన లేకుండా ఉంటే అది ఈస్టు వల్ల కావచ్చు. దానికి శిలీంధ్రాల మందు కావాలి, యాంటీబయాటిక్ వాడితే పెరగవచ్చు. మందుల షాపులో ‘మొహానికి ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే చేతిలో పెట్టే కొన్ని క్రీముల్లో బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారం మొహం తేటగా అవుతుంది. తర్వాత మొటిమలు కొత్తగా విరుచుకుపడతాయి, చర్మం పల్చబడి ఎర్రబారుతుంది, ఆపితే భగ్గుమంటుంది. ట్యూబు వెనక ఈ పేర్లలో ఏదైనా కనపడితే, ఎన్నాళ్లుగా రాస్తున్నారో గుర్తుచేసుకుని, ఆ ట్యూబు పట్టుకునే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి వాడినదాన్ని మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపేయకుండా, ఎలా తగ్గించుకుంటూ రావాలో ఆయన్నే అడగండి.