దేవనహళ్లిలో ఆగిపోయే గొలుసు

రొద్దం, పెనుకొండ, హిందూపురం వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు తిరిగొచ్చేది ఎక్కువగా బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికే. అందువల్ల ఊరు ఆంధ్రలో ఉన్నా, తెచ్చుకున్న బంగారంపై తగాదా వస్తే అది బెంగళూరు కస్టమ్స్ పరిధిలోకి వెళుతుంది. ఈ తగాదాల్లో చాలావరకు బంగారం తేవచ్చా, కూడదా అన్నదాని మీద రావు. ఏ రేటు వేశారన్నదే అసలు చిక్కు.

ఉదాహరణకు కువైట్‌లో మూడేళ్లు ఇంటిపని చేసి వచ్చిన ఒక మహిళను తీసుకుందాం. చేతికి 40 గ్రాముల గాజులు, మెడలో 20 గ్రాముల గొలుసు ఉన్నాయి. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన మహిళకు 40 గ్రాముల నగలు, పురుషుడికి 20 గ్రాముల నగలు సుంకం లేకుండా వస్తాయి. 2016 బ్యాగేజీ నిబంధనల్లో దీనికి మహిళకు లక్ష రూపాయలు, పురుషుడికి 50 వేలు అనే విలువ పరిమితి కూడా ఉండేది. బంగారం ధర పెరిగాక ఆ లక్షకు 40 గ్రాములు రావడం ఆగిపోయింది. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు ఆ విలువ పరిమితిని తీసేసి బరువును మాత్రమే ఉంచాయి. న్యాయంగా ఎప్పుడో జరగాల్సిన మార్పు ఇది.

ఇక మిగిలింది 20 గ్రాముల గొలుసు. లెక్క తేలికగా ఉండేందుకు గ్రాము 10 వేలు అనుకుంటే దాని విలువ 2 లక్షలు. కనీసం ఆరు నెలలు విదేశంలో ఉండి వచ్చిన భారతీయ పాస్‌పోర్టుదారుకు, మొత్తం కిలో దాటనంతవరకు, 2024 జూలైలో తగ్గించిన 6 శాతం రేటు వర్తిస్తే సుంకం 12 వేలు. అర్హత లేదంటే మామూలు బ్యాగేజీ రేటు 38.5 శాతం పడి 77 వేలు అవుతుంది. ఒకే గొలుసు మీద తేడా 65 వేలు. ఇంటిపని చేసే మనిషికి అది నెలల జీతం.

అర్హత మూడు చోట్ల జారిపోతుంది. ఆ ఆరు నెలల్లో పెళ్లికో, చావుకో ఊరికి వచ్చి ఉన్న రోజులన్నీ కలిపి 30 దాటకూడదు. పాస్‌పోర్టు మీది ముద్రలే దీనికి సాక్ష్యం. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగకు తక్కువ రేటు లేదు. మూడోది చాలామందికి తెలియనిది: ఈ సుంకాన్ని విదేశీ కరెన్సీలోనే కట్టాలి. దినార్లన్నీ రూపాయలుగా మార్చేసుకున్న మనిషి అర్హత ఉండీ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటుంది.

విలువ మీదా గొడవ వస్తుంది. ఈ తక్కువ రేటు బంగారానికి కువైట్ దుకాణం బిల్లు ప్రమాణం కాదు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు డాలర్లలో ప్రకటించే టారిఫ్ విలువను, కస్టమ్స్ మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి లెక్క కడతారు. కాబట్టి బిల్లుకూ రసీదుకూ తేడా ఉన్నంతమాత్రాన తప్పు జరిగినట్టు కాదు. రసీదులో చూడాల్సింది మినహాయించిన గ్రాములు, వేసిన శాతం.

రెడ్ ఛానల్‌లో బంగారం చూపించి ఉంటేనే వాదన నిలుస్తుంది. గ్రీన్ ఛానల్‌లోంచి బయటికి వెళుతూ పట్టుబడితే విషయం సుంకం తగాదాగా ఉండదు. జప్తు, జరిమానా కేసు అవుతుంది. నిజం చెప్పినవారు సుంకం కట్టలేకపోతే, కట్టడం ఇష్టం లేకపోతే, కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ కింద నగను అక్కడే దాచమని అడిగి రసీదు తీసుకోవచ్చు. సెలవు మీద వచ్చినవారు తిరుగు ప్రయాణంలో దాన్ని వెనక్కి పట్టుకెళ్లవచ్చు.

సుంకం కట్టి నగ తెచ్చుకునేవారు అభ్యంతరంతో కడుతున్నామని రాసివ్వాలి, కారణాలతో కూడిన ఉత్తర్వు అడగాలి. అది అందిన 60 రోజుల్లో కస్టమ్స్ అప్పీళ్ల కమిషనర్ దగ్గరకు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు గడువు దొరుకుతుంది. బ్యాగేజీ కేసులు అక్కడి నుంచి ట్రిబ్యునల్‌కు పోవు. మూడు నెలల్లో కేంద్ర ప్రభుత్వానికి రివిజన్ పెట్టుకోవాలి. లక్ష లోపు వివాదానికి దాని రుసుము 200 రూపాయలే. ఆ తర్వాత మిగిలేది హైకోర్టు, అదీ కర్ణాటక హైకోర్టు.

నగను స్వాధీనం చేసుకుంటే మరో జాగ్రత్త అవసరం. ఆరు నెలల్లో నోటీసు ఇవ్వకపోతే, కమిషనర్ గడువును మరో ఆరు నెలలు పెంచకపోతే, దాన్ని తిరిగి ఇవ్వాలని 110వ సెక్షన్ చెబుతోంది. అయితే నోటీసు అక్కర్లేదని ముందే అచ్చు వేసిన కాగితం మీద ప్రయాణికుల చేత సంతకం పెట్టించడం జరుగుతోంది. అలాంటి సంతకం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2025లో పలు కేసుల్లో తేల్చింది. రాత్రంతా ప్రయాణం చేసి, ఇంగ్లీషు చదవలేని మనిషి ముందు ఆ కాగితం పెట్టడం అన్యాయం. అర్థం కాని దానిపై సంతకం పెట్టబోనని చెప్పే హక్కు ఆమెకు ఉంది.

ఇక్కడి నుంచి వేసుకెళ్లిన పాత నగల విషయంలో తగాదా రాకుండా చూసుకోవచ్చు. వెళ్లే రోజునే దేవనహళ్లిలో కస్టమ్స్ అధికారికి చూపి, బరువు, గుర్తులు రాయించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చినప్పుడు ఆ నగలు సుంకం లెక్కలోకే రావు.