జీలకర్ర గింజంత పట్టింపు

"శనివారం రానా, ఆదివారం రానా?" అని మా స్పానిష్ స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. పది నిమిషాల తర్వాత జవాబొచ్చింది. "ఐ డోంట్ కేర్." అంతే, ముందూ వెనకా ఇంకేమీ లేదు.

మేమిద్దరం ఇక్కడ జర్మన్ క్లాసులో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. మా ఇద్దరి జర్మన్ ఇంకా తప్పటడుగుల్లోనే ఉంది కాబట్టి కబుర్లన్నీ ఇంగ్లీషులోనే. పరాయి ఊళ్ళో దొరికిన ఒక్క స్నేహితురాలు అలా అనేసరికి మనసు చివుక్కుమంది. రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడోరోజు తనే తలుపు కొట్టింది. "నీకోసం టోర్తియా చేసి పెట్టుకున్నాను, రాలేదేం?" అని అడిగింది. స్పానిష్ టోర్తియా అంటే బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్ లెండి. మెసేజ్ చూపిస్తే తెల్లబోయింది. "నేనన్నది మె దా ఇగ్వాల్ అనే కదా!" అంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ ఆ మాటను విడదీసి చూశాం. 'మె' అంటే నాకు, 'దా' అంటే ఇస్తుంది, 'ఇగ్వాల్' అంటే సమానం. ఏ రోజైనా నాకు ఒకటే అని అర్థం. మనం "నాకు ఇష్టం", "నాకు ఆకలేస్తోంది" అన్నట్టే స్పానిష్‌లోనూ ఇలాంటి మాటలు చాలావాటిలో మనిషి 'నాకు' దగ్గరే ఉంటుంది. 'నేను' అని ముందుకు రాదు. ఇంగ్లీషు మాత్రం ఆ మనిషిని ముందుకు లాగి 'ఐ' అనిపిస్తుంది, దాని పక్కన 'డోంట్ కేర్' చేరుతుంది. 'ఏ రోజైనా ఒకటే' అన్న మాట 'నువ్వొచ్చినా రాకపోయినా నాకేం పట్టదు' అయి కూర్చుంది. నిఘంటువులో మె దా ఇగ్వాల్‌కు ఐ డోంట్ కేర్ అన్న అర్థమూ ఉంటుంది. అది తప్పేమీ కాదు, విసుగ్గా అంటే అదే అర్థం. కానీ స్నేహితురాలు ఏ రోజు రావాలని అడిగినప్పుడు సహజమైన ఇంగ్లీషు "ఈదర్ ఈజ్ ఫైన్ విత్ మి", లేదా "ఐ డోంట్ మైండ్". కేర్‌కూ మైండ్‌కూ మధ్య తేడా ఒక్క మాటే, అయినా మాకు రెండు రోజుల మౌనం ఖర్చయింది. మన "నీ ఇష్టం" మాత్రం తక్కువదా? నవ్వుతూ అంటే స్వేచ్ఛ, మొహం తిప్పుకుని అంటే గొడవకు నాంది.

"మరి నిజంగా పట్టనప్పుడు మీరేమంటారు?" అని అడిగాను. నా పోపులపెట్టె వైపు వేలు చూపించి నవ్వింది. "మె ఇంపోర్తా ఉన్ కొమీనో." కొమీనో అంటే జీలకర్ర. అది నాకు జీలకర్ర గింజంత ముఖ్యం, అంటే అసలు ముఖ్యమే కాదు. జీలకర్ర బదులు పెపీనో అంటే దోసకాయ పెట్టినా, రాబనో అంటే ముల్లంగి పెట్టినా అదే అర్థం. దోసకాయ జీలకర్ర కంటే ఎన్నో రెట్లు పెద్దది కదా అని నాలోని బీఎస్సీ అమ్మాయి అడగబోయింది కానీ, ఇక్కడ తూకం సైజుది కాదు, విలువది. ఇంట్లో ఎప్పుడూ ఉండే చవకైన వస్తువును కొలతరాయిగా పెట్టి 'లేదు' అన్న మాటకు బలం తేవడం స్పానిష్‌లో పాత అలవాటు. దాదాపు 800 ఏళ్ళనాటి వాళ్ళ వీరగాథ 'మియో సిద్' కావ్యంలో ఆ కొలత అంజీరపండు. మనకు 'పూచికపుల్లతో సమానం', 'చిల్లిగవ్వకు కొరగాదు' ఉన్నట్టే. మా జర్మన్ పొరుగువాళ్ళయితే సాసేజ్‌తో కొలుస్తారు. "దాస్ ఇస్ట్ మియర్ వుర్స్ట్" అంటే అది నాకు సాసేజ్ అని, అంటే లెక్కే లేదని.

దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు తిండి వస్తువుకు తిండి వస్తువే వెతకాలనిపిస్తుంది. ఇంగ్లీషులోనూ అంజీరం ఉంది, "ఐ డోంట్ గివ్ ఎ ఫిగ్" అని. కానీ ఇవాళ ఆ మాట తాతలనాటి వాసన వేస్తుంది. రోజువారీ స్పానిష్ మాటకు రోజువారీ ఇంగ్లీషు "ఐ కుడెంట్ కేర్ లెస్". బొమ్మ పోయినా వేడి మిగులుతుంది. అమెరికాలో చాలామంది "ఐ కుడ్ కేర్ లెస్" అంటారు, అర్థం అదే. రాసేటప్పుడు మాత్రం 'కుడెంట్' అనే రాయడం మంచిది.

ఆ వేడి ఎప్పుడు ఉంచాలో, ఎప్పుడు తగ్గించాలో మాకు తర్వాత నెలలో తెలిసొచ్చింది. వాళ్ళ పై అంతస్తులో రాత్రి 10 దాటాక పాటల హోరు, చంటిపిల్ల నిద్రపోవడం లేదు. ఇంటి ఓనరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాయాలని కూర్చుంది. మనసులో ఉన్నది, 'పైవాడికి మా పిల్ల నిద్ర జీలకర్రతో సమానం' అని. దాన్ని "హి కుడెంట్ కేర్ లెస్" అని రాస్తే అర్థం సరిగ్గానే వస్తుంది, కానీ ఓనరు చేతికి వెళ్ళేది సమస్య కాదు, ఒక మనిషి మీద నింద. అందుకని కోపం నాకు చెప్పింది, ఉత్తరంలో ఇలా రాసింది: "వి హావ్ ఆస్క్‌డ్ హిమ్ ట్వైస్, బట్ ది మ్యూజిక్ స్టిల్ గోజ్ ఆన్ ఆఫ్టర్ టెన్." రెండుసార్లు అడిగాం, అయినా పది తర్వాత ఆగడం లేదు. పట్టనితనం ఆ మాటలోనే కనిపిస్తోంది. జాతీయం ఉన్నచోటల్లా జాతీయమే పెట్టనక్కర్లేదని అప్పుడు అర్థమైంది.

చివరి పరీక్ష మా అత్తగారు వచ్చినప్పుడు. రిటైరైన టీచరు, ఇంగ్లీషు బాగా వచ్చు. వంటింట్లో ఆవిడ పెట్టిన ఆవకాయ గురించే మాట్లాడుకుంటున్నాం, అంతలో ఆవిడే గుమ్మంలోకి వచ్చారు. మావాళ్ళమ్మాయి చప్పట్లు కొట్టి, "స్పీక్ ఆఫ్ ది డెవిల్!" అంది. అత్తగారి మొహం చూడాలి!

తను మనసులో అనుకున్నది, "అబ్లాందో దెల్ రేయ్ దె రోమా, పోర్ లా ప్వెర్తా అసోమా." రోమ్ రాజు మాటెత్తగానే గుమ్మంలోంచి తొంగిచూశాడని. నిజానికి పాత రూపంలో అది రాజు కాదు, 'ర్వీన్', అంటే దుష్టుడు. వాడుకలో దుష్టుడు రాజై కూర్చున్నాడు. రోమ్ పేరేమో తొంగిచూడ్డమనే 'అసోమా'తో ప్రాస కుదరడానికి పనికొచ్చింది. ఈ సామెతకు ఇంగ్లీషువాళ్ళు చెప్పేది డెవిలే, తోటివాళ్ళ మధ్య సరదాగా చెల్లుతుంది. పెద్దవాళ్ళ ముందు మాత్రం "వి వర్ జస్ట్ టాకింగ్ అబౌట్ యు!" అంటే సరిపోతుంది.

నేను గబగబా, "మీకు నూరేళ్ళాయుష్షు అంటోంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ నన్నూ తననూ మార్చి మార్చి చూసి, "డెవిల్ అన్నట్టు వినిపించిందే?" అన్నారు. రోమ్ రాజు కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది. విని నవ్వేసి, మావాళ్ళమ్మాయికి ఓ సీసాడు ఆవకాయ కట్టిచ్చారు. సీసా అందుకుంటూ "నెక్స్ట్ సాటర్‌డే ఆర్ సండే?" అని నన్నడిగింది. ఇద్దరం ఒకేసారి అన్నాం, "ఈదర్ ఈజ్ ఫైన్!"