లక్ష్మి పేరు మేడమ్‌కి సరిగా వినబడకపోతే?

ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటిరోజు పాఠం ఎలా ఉండాలన్న దానిమీద ఒక వాదన చాలాకాలంగా చెలామణీలో ఉంది. కొత్త విద్యార్థిని టీచరుకు నమస్కారం చెప్పి తనను పరిచయం చేసుకునే ఎనిమిది పది వాక్యాలు ఇవ్వాలట, ప్రతి జవాబూ పూర్తి వాక్యంలోనే ఉండాలట, తప్పులేకుండా కంఠతా వచ్చేదాకా వల్లె వేయించాలట. అలా చేస్తే భయం పోతుందనీ, మాట దానంతటదే వస్తుందనీ అంటారు. ఈ వాదన తప్పని నా అభిప్రాయం. దానివల్ల నష్టపోయేది ఇంట్లో ఇంగ్లీష్ వినే వీలు లేనివాళ్లే కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఖరగ్‌పూర్‌నే తీసుకుందాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర జనం అక్కడికి పనికోసం వెళ్లి స్థిరపడ్డారు. ఐఐటీ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో ఒక సాయంత్రపు ఇంగ్లీష్ క్లాసు ఉందనుకోండి. పలాస నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి అందులో చేరింది. పేరు పొట్నూరు లక్ష్మి అనుకుందాం. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింట్లో బంగ్లా. ఇంగ్లీష్ ఆమెకు నాలుగో భాష. పాఠం చెప్పేది బెంగాలీ మేడమ్.

లక్ష్మి చేతికి ఇచ్చే పాఠం ఇలా ఉంటుంది: "గుడ్ మార్నింగ్, టీచర్." "గుడ్ మార్నింగ్. వాట్ ఈజ్ యువర్ నేమ్?" "మై నేమ్ ఈజ్ లక్ష్మి." "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" "ఐ యామ్ ఫ్రమ్ పలాస." "నైస్ టు మీట్ యూ." వ్యాకరణం ప్రకారం ఇందులో ఒక్క తప్పూ లేదు. కానీ క్లాసు సాయంత్రం ఆరింటికి. 'గుడ్ మార్నింగ్' ఒక్కటే వల్లె వేసిన అమ్మాయి ఆ వేళకీ అదే అంటుంది. సరిచేయబోయి 'గుడ్ నైట్' అంటే మరీ తప్పు, అది సెలవు తీసుకునేటప్పటి మాట. లోపలికి వస్తూ చెప్పాల్సింది 'గుడ్ ఈవినింగ్'.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. బంగ్లాలో లక్ష్మి అన్న పేరును 'లొక్ఖి' అని పలుకుతారు. మేడమ్ తనకు అలవాటైన పేరే విని "లొక్ఖి?" అని అడుగుతుంది. వల్లె వేసిన పాఠంలో ఈ ప్రశ్న లేదు. లక్ష్మి ముందు రెండే దారులుంటాయి. తలూపేసి తన పేరు మారిపోనివ్వడం ఒకటి, "మై నేమ్ ఈజ్ లక్ష్మి" అని మొత్తం వాక్యం మళ్లీ మొదటినుంచి అప్పజెప్పడం రెండోది. మేడమ్‌కి వినబడనిది ఒక్క మాట. దాన్నొక్కదాన్నే నొక్కి చెప్పాలని అమ్మాయికి ఎవరూ నేర్పలేదు.

ఇలా వినబడకపోవడం ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు. మార్క్ డింగెమాన్స్, ఆయన సహ పరిశోధకులు ప్రపంచం నలుమూలల నుంచి 12 భాషల్లో మామూలు సంభాషణలు రికార్డు చేసి, 2015లో ఫలితాలు ప్రచురించారు. సగటున నిమిషంన్నర లోపే ఒకసారి ఎవరో ఒకరు 'ఆఁ?', 'ఎవరు?', 'ఏమన్నావు?' లాంటి మాటతో ఎదుటివాళ్లను ఆపి సరిచూసుకుంటున్నారని తేలింది. అదీ సొంత భాషల్లో. నాలుగో భాషలో, కొత్త మనిషితో మాట్లాడేటప్పుడు ఇది ఇంకా ఎక్కువే ఉంటుందని నేను అనుకుంటాను. ఇంత తరచుగా జరిగేదాన్ని మొదటి పాఠంలోంచి తీసేసి, ఎవరూ ఎవరినీ మళ్లీ అడగని సంభాషణను నమూనాగా పెట్టడం పెద్ద లోపం.

పూర్తి వాక్యాల నియమం ఈ లోపాన్ని ఇంకా పెంచుతుంది. "ఎక్కడి నుంచి వచ్చావమ్మా?" అంటే మనం "పలాస అండీ" అంటాం. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లూ అంతే, "పలాస, మేడమ్" అంటే నిండైన జవాబు. దాన్ని అసంపూర్ణమని ఆపి పూర్తి వాక్యం చెప్పించే టీచరు రాతకు కావాల్సిన నియమాన్ని మాటమీద రుద్దుతున్నట్టు. పైగా ఆ పొడుగు వాక్యాన్ని పోగుచేసుకోవడంలోనే అమ్మాయి దృష్టంతా ఉంటుంది. ఎదుటివాళ్లు తర్వాత ఏమడిగారో చెవికెక్కదు.

నేనైతే లక్ష్మికి ఈ పాఠం ఇస్తాను:

— గుడ్ ఈవినింగ్, మేడమ్. మే ఐ కమ్ ఇన్?
— గుడ్ ఈవినింగ్. యెస్, కమ్ ఇన్. ఆర్ యూ న్యూ?
— యెస్, మేడమ్. ఐ యామ్ లక్ష్మి.
— లొక్ఖి?
— లక్ష్మి, మేడమ్. ఎల్, ఏ, కె, ఎస్, హెచ్, ఎం, ఐ.
— ఓకే, లక్ష్మి. అండ్ యువర్ సర్‌నేమ్?
— సారీ, మేడమ్?
— యువర్ ఫ్యామిలీ నేమ్.
— పొట్నూరు. ప్లీజ్ కాల్ మీ లక్ష్మి.
— వేర్ ఆర్ యూ ఫ్రమ్, లక్ష్మి?
— పలాస, మేడమ్. కెన్ ఐ సిట్ హియర్?

ఇందులో లక్ష్మి రెండుసార్లు ఇబ్బందిలో పడి, రెండుసార్లూ తానే బయటపడింది. తన పేరు తప్పుగా వినబడితే సరిచేసింది. 'సర్‌నేమ్' అర్థం కాకపోతే "సారీ, మేడమ్?" అని స్వరం పైకెత్తి అడిగింది. స్వరం దించితే అదే మాట క్షమాపణ అయిపోతుంది, కాబట్టి ఆ ఎత్తును చెవితో విని పట్టుకునేలా నేర్పాలి. చివర్లో తానూ ఒక ప్రశ్న వేసింది. పాత పాఠంలో అడిగే హక్కంతా టీచరుదే.

ఇంటిపేరు సంగతి కూడా కావాలనే పెట్టాను. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. బెంగాలీల్లో ఇంటిపేరు చివరన ఉంటుంది. 'పొట్నూరు లక్ష్మి' అని ఒక్క ఊపులో చెబితే హాజరుపట్టీలో ఆమె ఇంటిపేరు లక్ష్మి అయి కూర్చుంటుంది. ఏ పేరుతో పిలవాలో చెప్పే ఆ చిన్న వాక్యం దాన్ని ఆపుతుంది. స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఎం, ఎన్ ఒకేలా వినబడతాయి కాబట్టి 'ఎం ఫర్ మ్యాంగో' అనడం కూడా అప్పుడే అలవాటు చేయాలి.

అవతలివాళ్ల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని కాదనను. మొదట్లో కొంత నోటికి రావాల్సిందే. 'మైసెల్ఫ్ లక్ష్మి' అని ఒకసారి నాలుకకు పట్టిందంటే ఏళ్లతరబడి వదలదు, అందుకే 'ఐ యామ్ లక్ష్మి' అన్నది గట్టిగా పలికించాలి. ఏది వల్లె వేయించాలన్నదే తగాదా. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ పిల్లల ఇంగ్లీష్ గురించి రాస్తూ ఒక గట్టి ప్రశ్న వేశాడు: చదువు మధ్యలో మానేసే పిల్లవాడికి, మానేసిన నాటికి చేతిలో ఏం మిగులుతుంది? పాలసీ మధ్యలో ఆపితే తిరిగొచ్చే సొమ్ముతో దాన్ని పోల్చాడు. ఆయన దానికి జవాబుగా చదవడం ముందు నేర్పమన్నాడు, అక్కడ నేను ఆయనతో లేను. ప్రశ్న మాత్రం ఈ క్లాసుకు సరిగ్గా సరిపోతుంది. లక్ష్మి నెల తిరక్కుండానే మానేసిందనుకోండి. పది వాక్యాల పరిచయం మళ్లీ ఎవరూ అడగరు. "సారీ, మేడమ్?", పేరు స్పెల్లింగ్, ఒక్క మాట జవాబు మాత్రం ఆసుపత్రి చీటీ దగ్గరా, బ్యాంకు కౌంటరు దగ్గరా రేపే పనికొస్తాయి.

పాఠం పట్టుబడిందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే. మర్నాడు టీచరు కాకుండా వేరే ఎవరైనా అవే ప్రశ్నలను వరుస మార్చి అడగాలి, ఒకచోట కావాలనే పేరు తప్పు పలకాలి, ఇంకోచోట గొంతు బాగా తగ్గించాలి. వల్లె వేసిన అమ్మాయి ఊరు అడిగితే పేరు చెబుతుంది, వినబడని చోట నవ్వి ఊరుకుంటుంది. నేర్చుకున్న అమ్మాయి ఆపి అడుగుతుంది.