ఫ్రెంచ్ హోంవర్కుకు తెలుగు ట్యూషన్

"వారాంతంలో ఎక్కడికి వెళ్ళారో, ఏం చేశారో డైరీలా రాసుకురండి. అంతా భూతకాలంలో ఉండాలి." ఫ్రెంచ్ నేర్చుకునే పిల్లలకు ఏదో ఒక రోజు ఈ హోంవర్కు వచ్చి తీరుతుంది. చూడ్డానికి సులువే. కానీ దిద్దిన కాగితం తిరిగొచ్చేసరికి ఎర్ర గీతలే ఎక్కువ కనిపిస్తాయి. మాటలు తెలియక కాదు, భూతకాలం దగ్గరే చిక్కంతా.

ఫ్రెంచ్‌లో డైరీకి రెండు భూతకాలాలు కావాలి. జరిగిన పని చెప్పడానికి 'పాసే కొంపోజే', ఆ సమయానికి పరిస్థితి ఎలా ఉందో చెప్పడానికి 'యాంపర్ఫే'. మన పిల్లలు సాధారణంగా డైరీని ముందు ఇంగ్లిష్‌లో రాసుకుని ఫ్రెంచ్‌లోకి మారుస్తారు. ఇంగ్లిష్‌లో పనికీ పరిస్థితికీ చాలాచోట్ల ఒకటే రూపం కాబట్టి, ఈ తేడా అక్కడే మాయమవుతుంది. అదే డైరీని తెలుగులో అనుకుంటే సగం తప్పులు రావు. మిగతా సగం ఎక్కడ వస్తాయో కూడా ముందే తెలుస్తుంది. కాబట్టి ఫ్రెంచ్ ముక్క రాని అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని సాయం చెయ్యొచ్చు.

కాకినాడలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి యానాం వెళ్ళొచ్చిందనుకుందాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు కాబట్టి హోంవర్కుకు బాగానే అతుకుతుంది. తెలుగులో ఇలా రాసుకుంది:

"శనివారం పొద్దున ఆరింటికి లేచాను. వాన పడుతోంది. అమ్మ, తమ్ముడు, నేను బస్సులో యానాం వెళ్ళాం. గోదావరి ఒడ్డున మూడు గంటలు గడిపాం. చల్లగా ఉంది. నాకు ఆకలేసింది, అందరం తిన్నాం. రాత్రికి ఇంటికొచ్చాం."

ఇప్పుడు ఒక్కో వాక్యాన్నీ రెండు ప్రశ్నల్లో ఒకటి అడగాలి. "తర్వాత ఏమైంది?" అన్నదానికి జవాబైతే పాసే కొంపోజే. "అప్పుడెలా ఉంది?" అన్నదానికి జవాబైతే యాంపర్ఫే. లేచాను, వెళ్ళాం, గడిపాం, తిన్నాం, వచ్చాం అనేవన్నీ మొదటి రకం. వాన పడుతోంది, చల్లగా ఉంది అనేవి రెండో రకం. తెలుగు క్రియే ఈ తేడాను చూపిస్తోంది కదా! 'పడింది' అనకుండా 'పడుతోంది' అంది ఆ అమ్మాయి.

మూడు గంటలు గడపడం పెద్ద పనే కదా, అది యాంపర్ఫే కాదా అని పిల్లలకు అనుమానం వస్తుంది. కాదు. ఎంతసేపు జరిగిందన్నది లెక్కలోకి రాదు, ముగిసిన మొత్తంగా చెబుతున్నామా లేదా అన్నదే లెక్క. "రోజంతా వాన పడింది" అంటే ఫ్రెంచ్‌లో పాసే కొంపోజేనే. "మేం బయల్దేరినప్పుడు వాన పడుతోంది" అంటే యాంపర్ఫే. రెండూ వానే. తెలుగులో క్రియ ఎలా మారిందో ఫ్రెంచ్‌లోనూ అలాగే మారుతుంది.

మరి తెలుగు ఎక్కడ దారి తప్పిస్తుంది? 'ఉంది' అనే చిన్న మాట దగ్గర. "ఇవాళ చల్లగా ఉంది" అన్నా, "నిన్న చల్లగా ఉంది" అన్నా మనకు అదే మాట. 'పడుతోంది' కూడా అంతే. ఫ్రెంచ్‌లో అలా కుదరదు. ఇవాళైతే 'ఇల్ ఫే ఫ్రే', నిన్నయితే 'ఇల్ ఫజే ఫ్రే'. తెలుగులో ఆలోచించే పిల్లలు డైరీ మధ్యలో హఠాత్తుగా వర్తమానంలోకి జారిపోయేది ఇక్కడే. 'తెలుసు', 'కావాలి', 'ఇష్టం' అనే మాటలదీ ఇదే తంతు. "ఆవిడ టీచరు" లాంటి క్రియే లేని వాక్యాలు మరీ ప్రమాదం, కాలం చెప్పే మాటే అందులో లేదు. కాబట్టి తెలుగు డైరీలో ఇలాంటి మాటలన్నిటి కింద పెన్సిలుతో గీత గీయించండి. ఆ గీతలున్న చోట్ల సాధారణంగా యాంపర్ఫే వస్తుంది. ఇప్పటికీ మారని సంగతి అయితే మాత్రం వర్తమానం ఉంచవచ్చు. "యానాం గోదావరి ఒడ్డున ఉంది" అన్నది నిన్నా నిజమే, ఇవాళా నిజమే.

దీనికి ఎదురు తిరిగేది 'ఆకలేసింది'. తెలుగులో అది జరిగిన పనిలా కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళకు ఆకలి ఒక పరిస్థితి. అందుకని 'జావే ఫ్యాం', అంటే నాకు ఆకలిగా ఉంది, అని యాంపర్ఫేలో రాస్తారు. దాహం, నిద్ర కూడా ఇంతే. భయం మాత్రం రెండు రకాలు. దారంతా భయంభయంగా ఉంటే యాంపర్ఫే. కుక్క ఒక్కసారి మీదికి దూకితే గుండె ఝల్లుమన్నదానికి పాసే కొంపోజే.

రెండో చిక్కు పాసే కొంపోజే లోపలే ఉంది. ఇది రెండు ముక్కల క్రియ. ముందు ఒక సహాయక క్రియ, వెనక అసలు క్రియ. ఎక్కువ క్రియలకు సహాయకం 'అవ్వార్', అంటే కలిగి ఉండటం. 'జే మాంజే', తిన్నాను. కానీ వెళ్ళడం, రావడం, బయల్దేరడం, చేరడం, ఎక్కడం, దిగడం, పడిపోవడం, ఉండిపోవడం, పుట్టడం, చనిపోవడం లాంటి పదిహేను పదహారు క్రియలకు సహాయకం 'ఎత్ర్', అంటే ఉండటం. 'జ సుయీ ఆలే', వెళ్ళాను. నిద్ర లేవడం లాంటి, తన మీద తాను చేసుకునే పనులకూ ఇదే. ప్రయాణం డైరీలో ఇవి అడుగడుగునా తగులుతాయి.

కదలిక ఉంటే ఎత్ర్ అని చాలామంది పిల్లలు బట్టీ పడతారు. అది చాలదు. నడవడం, పరుగెత్తడం కదలికలే అయినా వాటికి అవ్వార్ వస్తుంది. పైగా ఎక్కడం, దిగడం, బయటికి రావడం రెండు వైపులా మొగ్గుతాయి. ఇక్కడ మళ్ళీ తెలుగే ఆదుకుంటుంది. మనం 'ఎక్కాను' అంటే ఫ్రెంచ్‌లో ఎత్ర్, 'పెట్టెను పైకి ఎక్కించాను' అంటే అవ్వార్. 'దిగాను' అంటే ఎత్ర్, 'పెట్టెను దింపాను' అంటే అవ్వార్. మనం వేరు వేరు క్రియలు వాడేచోట వాళ్ళు ఒకే క్రియ ఉంచి సహాయకం మారుస్తారు. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి. 'మెట్లెక్కాను' అన్నప్పుడు తెలుగులో 'ఎక్కాను' అనే ఉన్నా, ఫ్రెంచ్‌లో మెట్లు కర్మ కాబట్టి అవ్వారే వస్తుంది.

ఎత్ర్ వచ్చిన చోట ఇంకో పని ఉంది. రాసేది ఆడపిల్ల అయితే అసలు క్రియ చివర 'ఇ' అక్షరం ఒకటి చేర్చాలి, మగపిల్లాడైతే అక్కర్లేదు. మనం 'వెళ్ళాడు', 'వెళ్ళింది' అని వేరుగా అన్నా, 'వెళ్ళాను' దగ్గర ఆ తేడా చూపించం కాబట్టి అమ్మాయిలు దీన్ని మరిచిపోతారు. నిజానికి 'వెళ్ళేవాణ్ణి', 'వెళ్ళేదాన్ని' అన్నప్పుడు మనమూ చూపిస్తాం. మనం అలవాటు చెప్పేటప్పుడు చూపిస్తే, వాళ్ళు జరిగిపోయిన పని దగ్గర చూపిస్తారు.

కాకినాడ అమ్మాయి లెక్క చూడండి. 'లేచాను' దగ్గర తనొక్కతే, కాబట్టి చివర అదనంగా 'ఇ' కావాలి. 'వెళ్ళాం' దగ్గర తమ్ముడున్నాడు. గుంపులో ఒక్క మగపిల్లాడున్నా ఫ్రెంచ్ వ్యాకరణం మొత్తాన్నీ పుంలింగ బహువచనంగా లెక్కేస్తుంది. కాబట్టి అక్కడ 'ఇ' చేర్చకూడదు, 'ఎస్' ఒక్కటే చేర్చాలి. తమ్ముడు ఇంట్లో ఉండిపోయి అమ్మా, కూతురూ మాత్రమే వెళ్ళి ఉంటే 'ఇ', 'ఎస్' రెండూ చేర్చాలి. 'తిన్నాం' దగ్గర అవ్వార్ ఉంది కాబట్టి తినేది ఎవరైనా ఏమీ చేర్చనక్కర్లేదు. ఈ నియమం కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో పిల్లలు అక్కడా 'ఇ' తగిలిస్తుంటారు.

ఈ తప్పులు చెవికి దొరకవు. 'ఆలే' అనే ఒకే పలుకును స్త్రీకి, పురుషుడికి, ఒకరికి, పదిమందికి, చివరికి 'వెళ్ళడం' అనే మూలరూపానికి కూడా వేర్వేరు స్పెల్లింగులతో రాస్తారు. ఫ్రాన్స్‌లో పుట్టి పెరిగిన పిల్లలకూ ఇక్కడ తడబాటే. అందుకని పైకి చదివించి ఊరుకుంటే లాభం లేదు. ప్రతి ఎత్ర్ వాక్యం దగ్గరా వేలు పెట్టి, "ఈ పని చేసిందెవరు?" అని అడగాలి.

పలికే తీరులో రాస్తే ఆ డైరీ చివరికి ఇలా తేలుతుంది: "సామ్‌ది మత్యాం, జ మ సుయీ లవే అ సీజర్. ఇల్ ప్లవే. ను సొమ్ ఆలే అ యానాం ఆఁ బ్యూస్. ను జావోం పాసే త్రువాజర్ ఓ బోర్ ద లా గోదావరి. ఇల్ ఫజే ఫ్రే. జావే ఫ్యాం, అలోర్ ను జావోం మాంజే. ల స్వార్, ను సొమ్ రాంత్రే."

ఏడు వాక్యాలు, ఎనిమిది క్రియలు. అయిదు పనులు, మూడు పరిస్థితులు. పనులన్నీ తీసేసి చూస్తే వాన, చలి, ఆకలి మిగులుతాయి. పరిస్థితులన్నీ తీసేస్తే బస్సు టైంటేబుల్లా ఉంటుంది. మీ ఇంట్లో డైరీ పూర్తయ్యాక ఇలాగే లెక్కపెట్టించండి. మొత్తం పనులే ఉండి ఒక్క పరిస్థితీ లేకపోతే యాంపర్ఫే రాయాల్సిన చోట్లు ఎక్కడో జారిపోయాయన్నమాట.