తెలుసుకోవలసింది ఎవరు?

కేవైసీ అంటే ‘నో యువర్ కస్టమర్’. నీ ఖాతాదారుడెవరో తెలుసుకో అని అర్థం. ఇది ఆజ్ఞ. ఆజ్ఞ ఎవరికన్నది వాక్యంలోనే ఉంది. తెలుసుకోవలసింది బ్యాంకు. అయినా దేశంలోని ఏ బ్యాంకు శాఖ గోడమీద చూసినా, ఏ ఫోన్ సందేశంలో చదివినా ఆ వాక్యం తలకిందులుగానే కనిపిస్తుంది. ‘మీ కేవైసీ పెండింగ్‌లో ఉంది’, ‘మీ కేవైసీ గడువు ముగిసింది’. బ్యాంకు చేయవలసిన పని ఖాతాదారుడు ఎగవేసిన బాకీగా మారిపోయింది. ఈ మార్పు భాషలోని పొరపాటు కాదు. చట్టం మోపిన భారాన్ని బలవంతుడి భుజం మీద నుంచి బలహీనుడి నెత్తికి దించిన రాజకీయం.

ఆ భారం ఎక్కడిది? అక్రమ ధన చలామణీ నిరోధక చట్టం 2002లో వచ్చింది, 2005 జూలై 1 నుంచి అమలులో ఉంది. మాదకద్రవ్యాల సొమ్మో, లంచాల సొమ్మో మారుపేర్ల ఖాతాల గుండా నడిచి తెల్లధనంగా బయటికి రాకుండా చూడడం దాని ఉద్దేశం. అందుకోసం బ్యాంకులకు మూడు పనులు అప్పగించింది. ఖాతాదారుడిని గుర్తించాలి, లావాదేవీల రికార్డు ఉంచాలి, అనుమానాస్పదమైనవాటినీ పది లక్షలు దాటిన నగదు లావాదేవీలనూ కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి తెలియజేయాలి. చెల్లింపు యాప్‌లోని వ్యాలెట్‌కూ ఈ కారణంగానే కేవైసీ అడుగుతారు. అక్కడ యాప్ సంస్థే డబ్బును తన వద్ద ఉంచుకుంటుంది కాబట్టి ఆ డబ్బు ఎవరిదో దానికి తెలియాలి. యూపీఐ చెల్లింపు సంగతి వేరు. అందులో డబ్బు బ్యాంకు ఖాతా నుంచే కదులుతుంది, ఆ ఖాతాదారుడి గుర్తింపు బ్యాంకు అప్పటికే తీసుకుని ఉంటుంది. ఇంతవరకు వివాదమేమీ లేదు. ఖాతా తెరిచే రోజున ‘నీవెవరు, ఎక్కడుంటావు, ఏం చేస్తావు’ అని అడగడం న్యాయమే.

అన్యాయం ఆ తరువాత మొదలవుతుంది. ఒకసారి తెలుసుకున్న సంగతిని మధ్యమధ్య సరిచూసుకోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ముప్పు ఎక్కువగా ఉన్న ఖాతాలను రెండేళ్లకోసారి, మధ్యస్థమైనవాటిని ఎనిమిదేళ్లకు, తక్కువ ముప్పున్నవాటిని పదేళ్లకు చూడాలి. 2014 ఆగస్టులో జన్‌ధన్ పథకం ప్రారంభమైంది. అప్పుడు కోట్ల సంఖ్యలో తెరిచిన ఖాతాలకు ఆ పదేళ్లు ఇంచుమించు ఒకేసారి నిండాయి. ఖాతాలు తెరిపించిన ఘనతను చాటుకున్న ప్రభుత్వం, పదేళ్ల తరువాత అవి మూతపడే గండం ముందే కనిపిస్తున్నా సిద్ధపడలేదు. జార్ఖండ్ పల్లెల్లో పింఛను, ఉపాధి కూలీ సొమ్ము స్తంభించిన ఖాతాల్లో చిక్కుకుపోతున్నదని ఆర్థికవేత్త జ్యాఁ ద్రెజ్, ఆయన సహచరులు 2024 చివరలో బయటపెట్టారు. ఆ డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు కూడా, కేవైసీ పెండింగ్ కారణంగా స్తంభించిన ఖాతాలను తగ్గించాలని బ్యాంకులను హెచ్చరించవలసి వచ్చింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2014 సెప్టెంబరులో జన్‌ధన్ ఖాతా తెరిచిన ఒక ఉపాధి కూలీ మహిళ. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు. ఖాతాలోకి వచ్చేది కూలీ డబ్బు, వితంతు పింఛను. ఆమె ఖాతా తక్కువ ముప్పున్నదే. 2024 సెప్టెంబరులో పదేళ్లు నిండాయి. నిబంధన ప్రకారం ఆమె చేయవలసింది స్వల్పం. ‘నా వివరాల్లో మార్పు లేదు’ అని స్వయంగా ధ్రువీకరించి చెప్పడం. ఖాతాకు జతపడిన ఫోన్ ద్వారా చెప్పవచ్చు, ఉత్తరం ద్వారా చెప్పవచ్చు, ఆ బ్యాంకు ఏ శాఖలోనైనా ఇవ్వవచ్చు. 2025 జూన్ 12 నాటి సవరణ తరువాత ఊళ్లోని బ్యాంకు మిత్ర వద్దే ఇవ్వవచ్చు. బ్యాంకు దగ్గరున్న పాత పత్రాలు చాలకపోతేనో, వాటి కాలం చెల్లితేనో తప్ప కొత్త పత్రాలు అడిగే పని లేదు. అడిగినా పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా పట్టిక వారి లేఖల్లో ఏదో ఒకటి చాలు. ఆమె కూలీకి ఆధారమైన జాబ్ కార్డే ఆమె గుర్తింపునకూ చెల్లుతుంది.

జరిగేది మాత్రం ఇది. డబ్బు తీసుకోబోయిన రోజున ఖాతా ఆగిపోయిందని తెలుస్తుంది. కూలీ మానుకుని మండల కేంద్రంలోని శాఖకు వెళితే ఆధార్, పాన్, ఫొటోలు తెమ్మంటారు. యంత్రం మీద వేలు పెడితే పని చేసి అరిగిన ముద్ర పడదు. పడినా పేరు కలవదు. తెలుగునాట ఇది మరీ తరచు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనుక. ఒకదానిలో పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా. పాస్‌బుక్కులో పుట్టింటి పేరు, ఆధార్‌లో మెట్టింటి పేరు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, కంప్యూటరుకు ఆమె ఇద్దరు. ఆధార్ దిద్దుబాటుకు మరో రోజు కూలీ పోతుంది. ఇచ్చిన కాగితానికి రశీదు ఉండదు. నిబంధన ప్రకారమైతే, అందిన తేదీతో రశీదు ఇవ్వడం బ్యాంకు విధి.

అదే 2025 సవరణ బ్యాంకులకు మరో మాట చెప్పింది. గడువుకు ముందు కనీసం మూడు నోటీసులు, తరువాత మూడు జ్ఞాపికలు ఇవ్వాలి. రెండు విడతల్లోనూ ఒక్కటైనా ఉత్తరంగా వెళ్లాలి. తక్కువ ముప్పున్న ఖాతాలకు గడువు తీరిన నాటి నుంచి ఏడాది, లేదా 2026 జూన్ 30, ఏది తరువాతదైతే అప్పటివరకు లావాదేవీలు ఆపరాదు. అంటే మన ఉదాహరణలోని మహిళ ఖాతాను ఆ తేదీకి ముందు ఆపడం బ్యాంకు తప్పే. ఆమె తప్పు కాదు.

ఇంత కట్టుదిట్టం నల్లధనాన్నైనా పట్టుకుంటున్నదా అంటే, సైబర్ మోసాల సొమ్ము ప్రవహించే అద్దె ఖాతాలను చూడాలి. కమీషనుకు ఆశపడి నిజమైన మనుషులే తమ నిజమైన పత్రాలతో తెరిచి ఇతరులకు అప్పగించే ఖాతాలవి. వాటి కేవైసీకి వంక పెట్టలేరు. వాటిని పట్టించేది ఫొటో కాదు. వేలల్లో నడిచే ఖాతాలోకి ఒక్కసారిగా లక్షలు వచ్చి గంటలో మాయం కావడం. ఖాతాదారుడిని నిజంగా తెలుసుకోవడమంటే ఆ కదలికను గమనించడం. అది ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పని. కూలీ మనిషిని వరుసలో నిలబెట్టడం చౌక.

ఈ బెదిరింపు భాషకు మరో ఫలితం కూడా ఉంది. ‘ఈరోజే కేవైసీ పూర్తి చేయకుంటే ఖాతా నిలిచిపోతుంది’ అనే దొంగ సందేశం జనం నమ్ముతున్నారంటే, నిజమైన బ్యాంకు కూడా అదే గొంతుతో మాట్లాడడం అలవాటు చేసుకుంది గనుకనే. కేవైసీలో పిన్‌కు గానీ, కార్డు వెనుకనున్న మూడంకెలకు గానీ చోటు లేదు. ఓటీపీ ఎవరికీ నోటితో చెప్పవలసినది కాదు. సందేశంలోని లంకెతో యాప్ దించుకొమ్మన్నవాడు దొంగే.

ఆధార్‌ను బ్యాంకు ఖాతాలకు తప్పనిసరిగా జోడించాలన్న నిబంధనను 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ రాయితీ సొమ్ము పేరిట ఆ తప్పనిసరి పేదలకు మాత్రం మిగిలింది. యాసిడ్ దాడికి గురైన మహిళలు కెమెరా ముందు రెప్ప వేయలేక కేవైసీలో విఫలమైతే, వారు కోర్టుకెక్కవలసి వచ్చింది. డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

కాబట్టి కోరవలసింది కొత్త శిబిరాలు కాదు. ఖాతా ఆపే ముందు పంపిన నోటీసులనూ ఉత్తరాన్నీ రుజువు చేసే బాధ్యత బ్యాంకుదే కావాలి. రుజువు లేకుండా ఆపిన ప్రతి రోజుకూ ఖాతాదారుడికి పరిహారం చెల్లించాలి. తెలుసుకోమన్న ఆజ్ఞ బ్యాంకుకు. తెలుసుకోనందుకు శిక్ష కూడా బ్యాంకుకే పడాలి.